పల్లెలో మండువా ఇల్లా, పట్నంలో మేడా: ఒక్కరోజు షూటింగుకు ఏది మేలు?

నాయనమ్మా మనవడూ మాట్లాడుకునే నాలుగు పేజీల సన్నివేశం ఒకటి మా చేతిలో ఉంది. సంభాషణలను డబ్బింగ్ లేకుండా అక్కడికక్కడే రికార్డు చేయాలన్నది మొదటి షరతు. మొత్తం తొమ్మిది మందిమి, ఒక కెమెరా, మూడొందల వాట్ల ఎల్‌ఈడీ లైట్లు రెండు, ట్యూబు లైట్లు రెండు, ఒక చిన్న ట్రాలీ ఆటో, ఒక కారు, మూడు మోటారు సైకిళ్లు. షూటింగు ఏప్రిల్ చివరి వారంలో ఒక్కరోజు. దీనికోసం రెండు ఇళ్లు చూశాము. ఒకటి బుచ్చిరెడ్డిపాళెం దాటాక ఒక పల్లెలో ఉన్న పాత మండువా ఇల్లు. రెండవది నెల్లూరులో వేదాయపాళెం వైపు, రైలు పట్టాలకు ఒక వీధి ఇవతల ఉన్న మేడ ఇంటి మొదటి అంతస్తు.

షూటింగు చోటును ముందుగా చూసివచ్చే రెక్కీకి వెళ్లినప్పుడు కరెంటు, శబ్దం, ఎండ వచ్చే దిక్కు, వాహనాలు నిలిపే చోటు అనే నాలుగింటినీ చూడాలని అందరికీ తెలుసు. అయితే ఈ నాలుగింటికీ సమానంగా మార్కులు వేసి కూడితే తప్పు ఇల్లు ఎంచుకునే ప్రమాదం ఉంది. కరెంటు చాలకపోతే జనరేటర్ తెచ్చుకోవచ్చు, బండి నిలపడానికి చోటు లేకపోతే కొంత దూరం సామాను మోసుకోవచ్చు. సూర్యుణ్ణి జరపలేము, రైలును ఆపలేము. అందువల్ల మేము మొదట ఎండను, తరువాత శబ్దాన్ని, ఆ తరువాతే మిగిలిన రెండింటినీ తూచాము.

పల్లె ఇంటికి నడిమధ్య పైకప్పు లేని పదడుగుల చదరపు మండువా ఉంది. చూరు అంచు మండువా నేల నుంచి తొమ్మిది అడుగుల ఎత్తులో ఉంది. మేము ఆ ఇల్లు చూసింది సంక్రాంతి వెళ్లిన వారానికి. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండుంబావు దాటేసరికి ఎండ దక్షిణపు చూరు మీదుగా ఏటవాలుగా దిగి, ఉత్తరపు పంచలోకి ఐదడుగులకు పైగా పాకి, నాయనమ్మ కూర్చోవలసిన పడక కుర్చీ మీదనే నేరుగా పడింది. కెమెరామెన్ అక్కడికక్కడే ఆ ఇంటిని కాదన్నాడు. ముఖం సగం మండిపోతూ సగం చీకట్లో ఉంటుందని, ఆ తేడాను మా దగ్గరున్న లైట్లు పూడ్చలేవని అతని వాదన. ఆ రోజు మట్టుకు అతను చెప్పింది నిజమే.

కాని మేము తీయబోయేది జనవరిలో కాదు. నెల్లూరు దాదాపు పద్నాలుగున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జనవరి మూడో వారంలో ఇక్కడ మిట్టమధ్యాహ్నపు సూర్యుడు దక్షిణం వైపు వాలి, నేల నుంచి సుమారు 55 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఏప్రిల్ 28 ప్రాంతంలో సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు, ఆగస్టు మధ్యలో మరోసారి వస్తాడు. ఆ రెండు తేదీల నడుమ మధ్యాహ్నపు సూర్యుడు మనకు కొంచెం ఉత్తరం వైపునే ఉంటాడు. ఈ లెక్కను తొమ్మిది అడుగుల చూరుకు అన్వయిస్తే విషయం తేటతెల్లమవుతుంది. జనవరిలో చూరు నీడ మండువాలో ఆరడుగుల మేర పడి, అంతే దూరం ఎండ ఉత్తరపు పంచలోకి చొరబడుతుంది. ఏప్రిల్ చివర మధ్యాహ్నం పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు ఆ ఎండ నేరుగా మండువా నేల మీదనే చతురస్రంగా నిలుస్తుంది. అంతకు ముందు పడమటి పంచ వైపు, ఆ తరువాత తూర్పు పంచ వైపు జరుగుతుందే తప్ప ఉత్తరపు పంచలోకి రాదు. షూటింగు జూన్‌కు వాయిదా పడినా ఆ పంచకు ఢోకా లేదు, అప్పుడు దక్షిణపు పంచలోకే ఒక అడుగు ఎండ తొంగిచూస్తుంది.

దీని ఫలితం ఏమిటంటే, ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు వరకు మండువా నేల మీద పడిన ఎండ తిరిగి లేచి ఉత్తరపు పంచలో మెత్తటి వెలుగుగా పరచుకుంటుంది. నేల మీద ఒక తెల్ల దుప్పటి పరిస్తే ఆ వెలుగు ఇంకా పెరుగుతుంది. ఇందులో ఒక మెలకువ ఉంది. కెమెరాను దక్షిణానికి తిప్పితే వెనుక మండువా తెల్లగా కాలిపోయి, ముఖాలు నల్లబడతాయి. కాబట్టి కెమెరా మండువా వైపు నిలబడి ఉత్తరపు గోడను చూడాలి, లేదా పంచ పొడవునా తూర్పు పడమరలుగా చూడాలి.

పట్నపు మేడ ఆకర్షణ అంతా దాని పడమటి వరండాలో ఉంది. సాయంత్రపు పసుపు ఎండ నాయనమ్మ ముఖం మీద పడితే ఎంత బాగుంటుందోనని మేమూ ఆశపడ్డాము. అయితే వీధికి అవతల మూడంతస్తుల ఇల్లు ఉంది. చేయి చాపి, పిడికిలి బిగించి చూస్తే ఒక పిడికిలి మందం సుమారు పది డిగ్రీలు. కంటికి సమానమైన ఎత్తు నుంచి ఆ ఇంటి పిట్టగోడ దాకా మూడున్నర పిడికిళ్లు వచ్చింది. ఏప్రిల్ చివర సూర్యుడు ఆ ఎత్తుకు దిగేది సాయంత్రం నాలుగు ప్రాంతంలో. సూర్యాస్తమయం ఆరు ఇరవై దాటాక. అంటే మేము కోరుకున్న చివరి గంట ఎండ మొత్తం ఎదురింటి వెనుకే గడిచిపోతుంది. రెండు నుంచి నాలుగు వరకు మాత్రం చుర్రుమనే ఎండ వరండాలో దూరుతుంది, అది మాకు అక్కరలేనిది. దిక్కు చూసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఫోనులోని దిక్సూచిని ఇనుప గ్రిల్లు పక్కన పెడితే ముల్లు పక్కకు లాగుతుంది. వరండాలో ఒకలా, మేడ మీద నడుమ నిలబడితే ఇంకోలా చూపింది. గ్రిల్లుకు దూరంగా రెండు మూడు చోట్ల చూసి, ఒకే దిక్కు చూపినప్పుడే నమ్మాలి.

ఇక శబ్దం. దీనిని చెవితో అంచనా వేయకూడదు, ఎందుకంటే రోజూ వినే మోతను మన చెవి తనంతట తానే పక్కన పెట్టేస్తుంది, మైకు పెట్టదు. షూటింగుకు వాడబోయే మైకునే తీసుకువెళ్లి, షూటింగు జరిగే వేళకే, వారంలో అదే రోజున, గంటసేపు రికార్డు చేయాలి. కొన్నేళ్ల క్రితం నేను ఒక ఇంటిని ఆదివారం చూసి ఖాయం చేసి, మంగళవారం షూటింగు పెట్టుకున్నాను. పక్క సందులోని పిండి మరకు ఆదివారం సెలవని అప్పుడు గాని తెలియలేదు. ఆ రోజు తీసిన దానిలో ఒక్క సంభాషణా పనికి రాక, నటులను మళ్లీ పిలిపించి డబ్బింగ్ చెప్పించవలసి వచ్చింది.

గంట రికార్డింగులో మేము చూసేది మోత ఎంత అన్నది కాదు, మోతకూ మోతకూ నడుమ ఎంత నిశ్శబ్దం దొరుకుతుందన్నది. మా సన్నివేశంలో అతి పొడవైన టేక్ రెండున్నర నిమిషాలు. ముందూ వెనుకా కలుపుకుంటే మూడు నిమిషాలు తెంపు లేని నిశ్శబ్దం కావాలి. చెన్నై విజయవాడ రైలు మార్గం పక్కనున్న మేడలో ఆ గంటలో మూడు నిమిషాలు దాటిన ఖాళీలు ఐదే వచ్చాయి. రైలు పోయాక హారన్లు, హారన్లు ఆగాక మైకు పెట్టుకుని తిరిగే కూరగాయల బండి వచ్చాయి. పల్లెలో ఉన్నది వేరే రకం బాధ. ఇంటి వెనుక చేలో బోరు మోటారు పొద్దున నుంచి ఒకే శ్రుతిలో మోగుతూ ఉంది. అది ఆగకుండా మోగుతున్నంతసేపు మూడు నిమిషాల ఖాళీ ఒక్కటి కూడా లేదు. కాగితం మీద మేడే గెలిచినట్టు.

కాని ఆ మోటారుకు ఒక యజమాని ఉన్నాడు. వ్యవసాయానికి త్రీఫేజ్ కరెంటు ఏ వేళల్లో ఇస్తారో లైన్‌మన్‌ను అడిగి తెలుసుకుని, ఆ రైతును కలిసి, ఆ రోజు పది నుంచి రెండు వరకు మోటారు ఆపి, మిగతా వేళ నీళ్లు పెట్టుకోమని కోరాము. ఏప్రిల్ చివరికి తన పైరు కోత అయిపోతుందని, అప్పటికి మోటారుతో పనే ఉండదని ఆయన నవ్వాడు. అయితే కోతల కాలమంటే ట్రాక్టర్లూ కోత మిషన్లూ తిరిగే కాలం కూడా కనుక, షూటింగుకు వారం ముందు మరోసారి వెళ్లి వినాలని నిర్ణయించుకున్నాము. తీరం వైపు రొయ్యల గుంటల పక్కన ఇల్లు చూసుకునేవారు మాత్రం ఇలా ఆశ పెట్టుకోవద్దు. ఏరియేటర్లను ఆపితే రొయ్యలకు ప్రాణవాయువు అందదు, ఎవరూ ఆపరు, ఆపమని అడగనూ కూడదు.

కరెంటు విషయంలో పల్లె ఇల్లు స్పష్టంగా ఓడింది. ఆ ఇంటి పెద్దావిడ ముందే చెప్పారు: “కరెంటు ఉండాది నాయనా, దీపాలు పెట్టే వేళకి ఫ్యాను మాత్రం నీరసంగా తిరగతాది.” పరీక్షించడానికి పెద్ద సాధనాలు అక్కరలేదు. ప్లగ్గులో మల్టీమీటర్ పెట్టి చూస్తే 212 వోల్టులు ఉంది. అదే గదిలో వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె పెట్టి, దాని ఎర్ర దీపం వెలుగుతున్నంతసేపు చూస్తే 201కి జారింది. దీపం ఆరాక చూస్తే ప్రయోజనం లేదు, అప్పుడు పెట్టె కరెంటు లాగదు. పది నిమిషాల తరువాత స్విచ్చి ఆపి ప్లగ్గు తీసి పట్టుకుంటే పిన్నులు వెచ్చగా తగిలాయి. లోపలి తీగ సన్నమని, సాకెట్ పట్టు వదిలిందని ఈ రెండూ చెబుతున్నాయి. మేడలో అదే పరీక్షకు 231 కాస్తా 228 అయింది, ప్లగ్గు చల్లగానే ఉంది.

అయినా ఈ ఓటమి మాకు పెద్దది కాదు, ఎందుకంటే ఎండ మా పని చాలావరకు చేసిపెడుతోంది. ఉత్తరపు పంచలో మాకు కావలసింది ఒక మూడొందల వాట్ల లైటు, బ్యాటరీల ఛార్జర్లు, అంతే. అన్నీ కలిపినా ఐదారు వందల వాట్లు దాటవు, మంచి ఆరు ఆంపియర్ల సాకెట్ ఒక్కటి దానిని మోస్తుంది. పల్లె ఎలక్ట్రీషియన్ చేత మీటరు బోర్డు దగ్గరి నుంచే, లోడు మించితే కరెంటు ఆపే ఎంసీబీ నడుమ పెట్టించి, మందపాటి తీగతో విడిగా ఒక సాకెట్ వేయించాలని అనుకున్నాము. టీ కెటిల్‌ను మాత్రం ఆ ఇంట్లో పెట్టనివ్వము. అదొక్కటే వెయ్యిన్నర వాట్లు లాగి మా లైటును ఆర్పేయగలదు. మేడలోనైతే ఎదురింటి నీడను, పడమటి ఎండను సరిదిద్దడానికి అన్ని లైట్లూ వెలిగించవలసి వచ్చేది.

బండ్లకు మేడ దగ్గర చోటే లేదు, కారు రెండు వీధుల అవతల పెట్టాలి. పల్లెలో రామాలయం ముందు వేప చెట్టు నీడ ఉంది, ఇంటికి నూట యాభై అడుగులు. ఏప్రిల్‌లో రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు కనుక, ట్రాలీ ఆటో తెల్లవారకముందే చేరి, సాయంత్రం వడ్లు ఎత్తాక కదలాలి.

మేము పల్లె ఇంటికే అడ్వాన్సు ఇచ్చాము. ఇదే సన్నివేశం రాత్రిపూట జరిగేదైతే ఎండ లెక్క పోయి, లైట్లన్నీ మనమే వెలిగించాలి, పల్లెలో వోల్టేజీ అడుగంటేది కూడా ఆ వేళకే. అప్పుడు రైళ్ల నడుమ ఖాళీలను లెక్కపెట్టుకుంటూ మేడలోనే తీసేవాళ్లం.