నాలుగు నిమిషాల వాయిస్ నోట్, 40 సెకన్ల స్క్రిప్ట్: అన్నీ కుదించడం మేలా, ఒక్కటే ఉంచడం మేలా?

తెలిసిన విషయం గురించి మాట్లాడమంటే ఎవరైనా ఫోన్ ముందు నాలుగైదు నిమిషాలు ధారాళంగా మాట్లాడతారు. ఆ వాయిస్ నోట్‌ను చిన్న వీడియోకు స్క్రిప్ట్‌గా మార్చవలసి వచ్చినప్పుడు మన ముందు మూడు దారులుంటాయి. చెప్పినవన్నీ తలా ఒక వాక్యానికి కుదించవచ్చు. ఆడియోనే అక్కడక్కడ కత్తిరించి అతికించవచ్చు. లేదా ఒక్క ఆలోచనను మాత్రం నిలిపి, తక్కినదంతా తీసేసి, ఆ ఒక్కదాన్నే మళ్లీ రాయవచ్చు. వీటిలో ఏది మేలో ఒక ఉదాహరణ మీద తేల్చుకుందాం.

ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే ఒకావిడ ఆవకాయ గురించి ఇలా మాట్లాడారనుకుందాం: ‘మా అత్తగారైతే జాడీలు ముందురోజే ఎండలో పెట్టేవారు... ఈసారి కాయ రేటు బాగా పెరిగింది... కాయ పుల్లగా, గట్టిగా ఉండాలి, కడిగాక శుభ్రంగా తుడవాలి... ఆవపిండి, కారం, ఉప్పు... మూడో రోజు తిరగకలిపినప్పుడు నూనె పైకి తేలకపోతే, మళ్లీ పోయకుండా అలాగే వదిలేస్తే, బూజు పడేది అందుకే, చాలామంది అక్కడ చూసుకోరు... గరిటె తడి ఉండకూడదు... ఇక కొరియర్‌లో పంపేటప్పుడు...’

మొదటి దారిలో వెళితే స్క్రిప్ట్ ఇలా తయారవుతుంది:

‘ఆవకాయకు పుల్లగా, గట్టిగా ఉన్న కాయ తీసుకోవాలి. కడిగి, తుడిచి, ఆరబెట్టాలి. జాడీ ఎండలో పెట్టాలి. ఆవపిండి, కారం, ఉప్పు తగిన పాళ్లలో కలపాలి. మూడో రోజు తిరగకలపాలి. నూనె సరిపడా ఉండేలా చూసుకోవాలి. తడి గరిటె పెట్టకూడదు. జాగ్రత్తగా ప్యాక్ చేయాలి.’

ఇందులో తప్పు చెప్పిన మాట ఒక్కటీ లేదు, నిడివి కూడా 30 మాటలకు మించి పెద్దగా లేదు. అయినా విన్నవారికి ఏమీ మిగలదు, ఎందుకంటే ఎనిమిది విషయాలకు చోటివ్వడం కోసం ప్రతి విషయం వెనకా ఉన్న కారణాన్ని తీసేయవలసి వచ్చింది. ‘తగిన పాళ్లలో’, ‘సరిపడా’, ‘జాగ్రత్తగా’ అనే మాటలు ఎక్కడెక్కడ వచ్చాయో గమనించండి. ఆవిడ వాయిస్ నోట్‌లో ఈ మూడూ లేవు. కుదించేటప్పుడు మనం చేర్చినవి. ఎంత, ఎందుకు, ఎలా అనేవి చెప్పడానికి చోటు చాలని ప్రతిచోటా ఇలాంటి మాట ఒకటి వచ్చి కూర్చుంటుంది. స్క్రిప్ట్‌లో ఇవి రెండుకు మించి కనిపించాయంటే విషయాలు ఎక్కువై, ఒక్కొక్కదానికి దక్కిన చోటు తక్కువైందని నిస్సందేహంగా చెప్పవచ్చు.

రెండో దారి, అంటే ఆడియోనే కత్తిరించడం, ఆకర్షణీయంగా ఉంటుంది, ఎందుకంటే ఆవిడ గొంతు, యాస, నమ్మకం అలాగే నిలుస్తాయి. అయితే తెలుగులో మాట్లాడేటప్పుడు మనం ‘తేలకపోతే’, ‘వదిలేస్తే’ అంటూ షరతులను గొలుసుకట్టుగా పేర్చుకుంటూ పోయి, అసలు సంగతిని చివర చెబుతాం. పైన బూజు గురించిన ముక్కను విడిగా కత్తిరించి వినిపిస్తే ‘అందుకే’ అంటే ఎందుకో, ‘అక్కడ’ అంటే ఎక్కడో కొత్తగా వినేవారికి అర్థం కాదు. వెనక్కి వెళ్లి మొదలు కలుపుకుందామంటే ‘మూడో రోజు’ దగ్గర నుంచి గొలుసు మొత్తం లాక్కురావలసి వస్తుంది. కాబట్టి ఆడియోను మాటలు ఏరుకోవడానికి వాడుకోవాలి, వాక్యాలు కొత్తగా రాసుకోవాలి.

ఇక మూడో దారి. ఇందులో కష్టమంతా ఆ ఒక్క ఆలోచనను ఎంచుకోవడంలోనే ఉంది. వాయిస్ నోట్‌ను ముందు అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద రాసుకుని, ‘ఎందుకంటే’, ‘అందుకే’, ‘చాలామంది’ అన్న మాటల కింద గీతలు గీయాలి. మనిషి తనకు బాగా తెలిసిన చోటే కారణం చెబుతాడు. తక్కిన చోట్ల పని మాత్రం చెప్పి ముందుకు పోతాడు. ఇక్కడ బూజుకు సంబంధించి నూనె, తడి అనే రెండు విషయాలు పోటీకి వస్తాయి. తడి తగలకూడదన్న సంగతి ఆవకాయ పెట్టే ఇంట్లో దాదాపు అందరూ ఎరిగినదే. మూడో రోజు నూనె మట్టం చూడాలన్నది చాలామంది చేయని పని, ఆవిడ కారణంతో సహా చెప్పిన పని, పైగా కెమెరాను జాడీ మీద పెట్టి చూపించగలిగిన పని. అందువల్ల నేను నూనెనే ఉంచుతాను. అప్పుడు స్క్రిప్ట్ ఇలా వస్తుంది:

‘ఆవకాయ పెట్టిన మూడో రోజు జాడీ మూత తీసి చూడండి. నూనె ముక్కల మీదకి తేలిందా? తేలకపోతే పిండి పీల్చేసుకున్నట్టే. అలా వదిలేస్తే పైన బయటపడ్డ ముక్కకి గాలి తగులుతుంది, బూజు అక్కడే మొదలవుతుంది. కాబట్టి ఊట పైకొచ్చేలా అడుగు నుంచి తిరగకలపండి. ముక్కలు పొడి గరిటెతో అదమండి. ఇంకా పైకి కనిపిస్తుంటే, అవి మునిగేదాకా నువ్వుల నూనె పోయండి. నూనె ఉంది కదా అని ఉప్పు మాత్రం తగ్గించకండి.’

ఇవి దాదాపు 50 మాటలు. జాడీని చూపించడానికి మధ్యలో కాస్త ఆగినా 40 సెకన్లలోపు పూర్తవుతుంది. నిడివిలో ఇది మొదటిదానికన్నా పెద్దదే, అయినా వినేటప్పుడు చిన్నదిగా తోస్తుంది, ఎందుకంటే ప్రతి వాక్యం ముందు వాక్యం రేపిన ప్రశ్నకు జవాబు చెబుతూ వస్తుంది. ఏ వాక్యాన్ని తీసేసినా పక్క వాక్యం కుంటుపడుతుందో లేదో పైకి చదివి చూసుకోవాలి. కుంటుపడకపోతే ఆ వాక్యం అక్కడ అనవసరం. అత్తగారు జాడీలు ఎండలో పెట్టిన ముచ్చట తీసేయడం నిజంగా బాధగానే ఉంటుంది, ఆ నోట్ మొత్తంలో అందమైనది అదే. కానీ నూనె కథలో దానికి పని లేదు, దానికి వేరే వీడియో ఇవ్వడమే న్యాయం.

తీసేయడంలోనూ ఒక హద్దు ఉంది. ఉప్పు గురించిన చివరి వాక్యాన్ని, ‘పొడి గరిటె’ అన్న మాటను కావాలనే ఉంచాను. ఆవకాయ చెడకుండా నిలవడంలో నూనెతో పాటు ఉప్పుకూ పాలు ఉంది. నూనె ఒక్కటే కాపాడుతుందనుకుని ఎవరైనా ఉప్పు తగ్గిస్తే పచ్చడి పాడవుతుంది, ఆ తప్పుకు స్క్రిప్టే కారణమవుతుంది. ఉంచిన ఆలోచన ఏ షరతు మీద నిజమో ఆ షరతును ఒక్క మాటలోనైనా ఉంచి తీరాలి.

మొదటి దారికీ తగిన చోటు లేకపోలేదు. కాయల నుంచి నూనె దాకా కొలతలతో మొత్తం పద్ధతి కావాలనేవారికి అన్నీ వరుసగా ఉన్న పాఠమే కావాలి. అయితే అది ఆగి మళ్లీ చదువుకునే వీలున్న రాతలో ఉండాలి గాని, వేలితో పైకి తోసేసే 40 సెకన్ల వీడియోలో కాదు.

కొన్ని వాయిస్ నోట్లలో గీత గీయడానికి ఒక్క ‘ఎందుకంటే’ కూడా దొరకదు, అన్నీ చేయవలసిన పనులే ఉంటాయి. అలాంటప్పుడు మూడో దారి కూడా పనిచేయదు, ఎందుకంటే మనం ఊహించి కారణం అల్లితే అది మాట్లాడినవారి మాట కాకుండా పోతుంది. అప్పుడు స్క్రిప్ట్ రాయడం ఆపి, మాట్లాడినవారికే ఫోన్ చేసి ‘ఇందులో జనం ఎక్కువగా ఎక్కడ పొరపాటు చేస్తారండీ?’ అని ఒక్క ప్రశ్న అడిగి, ఆ జవాబును కొత్త నోట్‌గా రికార్డు చేసుకోవాలి.