రివ్యూలు అడ్మినే పెట్టే చీరల కమ్యూనిటీలో డబ్బు కట్టకండి

హ్యాండ్లూమ్ చీరలు అంటూ రీల్స్ కింద వాట్సాప్ లింకు పెడుతుంది చూడండి, ప్రతి మాటకీ 'సిస్' అంటుంది, ఆవిడే. పేరు రాయను, కొన్నవాళ్లకు ఈపాటికే అర్థమైపోయి ఉంటుంది. రెండు గద్వాల చీరలకు 6,800 యూపీఐ చేశాను. చీరలు రాలేదు, డబ్బు రాలేదు. వచ్చింది ఒక్కటే, గెంటివేత.

ఆ లింకు నొక్కితే చేరేది మామూలు గ్రూపులో కాదు, కమ్యూనిటీలో. చేరగానే అనౌన్స్‌మెంట్ గ్రూపులో పడతాం. అందులో కొత్త మెసేజ్ పెట్టేది అడ్మిన్లే, మనం హార్టులు కొట్టుకోవచ్చు. పక్కన ఎవరెవరు ఉన్నారో కనపడదు. అడ్మిన్లు, మన కాంటాక్టుల్లో ఉన్నవాళ్లు మాత్రమే కనిపిస్తారు. నంబర్లు బయటపడకుండా వాట్సాప్ చేసిన మంచి ఏర్పాటే అది, కాదనను. కానీ దొంగ బేరానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. వేలమంది కొనేవాళ్లున్నా ఒకరికొకరు తెలియరు.

దాని కింద సబ్ గ్రూపులు: గద్వాల, మంగళగిరి, డిస్పాచ్ అప్‌డేట్స్, హ్యాపీ కస్టమర్స్. ఈ చివరిదానిలో పోస్టు పెట్టేదీ ఆవిడే! 'చీర సూపర్ సిస్' అని ఎవరో మెచ్చుకున్నట్టు స్క్రీన్‌షాట్లు, పైన నంబరు ఉండే చోట నల్ల గీత. కొన్నవాళ్లకు నోరు లేని రివ్యూ గ్రూపు ఏం రివ్యూ అని ఒక్క క్షణం ఆలోచించానా? లేదు, నేనూ హార్టు కొట్టాను. 'గద్వాల గ్రూపు నిండిపోతోంది సిస్, 1024 దాటితే పట్టరు' అంటే కంగారుపడి మరీ చేరాను.

అసలు సంగతి ఇది. డిస్పాచ్ లిస్టులో నా పేరు ఎంతకీ రాలేదు. ఆవిడకు విడిగా మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడతాయి, జవాబు ఉండదు. మనుషులు మాట్లాడుకునే వీలున్నది గద్వాల గ్రూపు ఒక్కటే కాబట్టి అందులో అడిగాను, మర్యాదగానే: 'పోయిన నెల బుక్ చేసినవాళ్లకు చీరలు అందాయా అండీ?' వెంటనే ఒకావిడ 'నాకూ రాలేదండీ, అడిగితే' అని మొదలుపెట్టి పంపింది. మిగతాది ఆవిడ టైప్ చేస్తోందని పైన కనిపిస్తూనే ఉంది. ఇంతలో నా మెసేజ్ పోయి, అక్కడ అడ్మిన్ డిలీట్ చేశారని వచ్చింది. ఆవిడదీ పోయింది. ఆ వెంటనే కింద టైప్ చేసే చోటే లేదు. నన్ను తీసేశారు. గద్వాల గ్రూపు ఒక్కదాని నుంచే కాదు, కమ్యూనిటీ నుంచే. అలా తీసేస్తే అన్ని గ్రూపుల నుంచీ ఒక్క దెబ్బకు పోతాం. మళ్లీ ఆ లింకు నొక్కినా, తీసేసిన నంబరు కాబట్టి చేరనివ్వదు. మావారి ఫోన్ నుంచి ప్రయత్నిస్తే ఆ లింకు రీసెట్ అయిందని వచ్చింది. పాత లింకు చచ్చింది, రీల్స్ కింద కొత్త లింకు వెలిసింది.

మా వదిన ఇంకా అందులోనే ఉంది. ఆ సాయంత్రం అనౌన్స్‌మెంట్ గ్రూపులో వచ్చింది చూపించింది: 'నెగెటివ్ మనుషులు మన ఫ్యామిలీలో వద్దు సిస్, క్లీన్ చేశాను.' దాని కింద హార్టులు! ఎవరు కొట్టారో కూడా తెలియదు. 6,800 పోయినందుకు కాదు, ఈ మాటకు ఒళ్లు మండింది. డబ్బు నాది, చీర నాది, మురికి నేనట.

వదిన ఫోన్లోనే ఇంకోటి దొరికింది. గద్వాల గ్రూపు వివరాల్లోకి వెళ్లి సభ్యుల జాబితా చివరిదాకా జరిపితే, గ్రూపు వదిలినవాళ్లు, తీసేయబడ్డవాళ్లు కనిపిస్తారు, గత 60 రోజుల వరకు. సభ్యులెవరైనా చూడొచ్చు. ఎంత జరిపినా ఆ జాబితా తరగలేదు. అందరూ చీర అంది సంతోషంగా వెళ్లిపోయినవాళ్లే అనుకోవాలి మరి!

కట్టేముందు ఆ జాబితా చూడండి. సబ్ గ్రూపులో నంబర్లు కనిపిస్తాయి కాబట్టి ఒకరిద్దరిని విడిగా పలకరించి అడగండి. కమ్యూనిటీలో మనం రాయగలిగే గ్రూపు ఒక్కటీ లేకపోతే లింకు మూసేయండి.

ఇప్పటికే తీసేయబడ్డవాళ్లు కోపంలో ఆ గ్రూపులు డిలీట్ చేయకండి. పాత మెసేజ్‌లు మీ ఫోన్లో అలాగే ఉంటాయి, రాసినవాళ్ల నంబర్లతో సహా. 'నాకూ రాలేదండీ' అన్న ఆవిడ అంతకుముందు ఏదో రంగు గురించి రాసిన మెసేజ్ మీద నొక్కితేనే ఆవిడ నంబరు దొరికింది. ఆవిడవి 4,200 పోయాయి. ఇద్దరం చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి, యూపీఐ రసీదులోని యూటీఆర్ నంబరుతో 1930కి చెప్పాం, cybercrime.gov.in లో కూడా పెట్టాం. గద్వాల గ్రూపులో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మీరూ పెట్టండి. అక్కడ మాత్రం రాయకండి, చీపురు రెడీగా ఉంది.