ఫోన్ పోయిందా? "రిమోట్ లాగౌట్" చేస్తామనేవాళ్లకు డబ్బు కట్టకండి

పోయిన ఫోన్‌లోంచి మీ అకౌంట్లన్నీ దూరం నుంచే తీసేస్తామని చెప్పే ఒక ఆన్‌లైన్ సర్వీసుకు డబ్బు కట్టి మోసపోయాను. కొత్త ఫోన్ కొన్న రోజే, పాతది ఎవరి చేతిలో పడిందోనన్న టెన్షన్‌లో, ముందూ వెనకా చూసుకోకుండా కట్టేశాను.

వాళ్లు నా జీమెయిల్ పాస్‌వర్డ్ అడిగి తీసుకుని మార్చారు. తర్వాత వెరిఫికేషన్ అంటూ 8 అక్షరాల కోడ్ ఒకటి ఇచ్చి, కొత్త ఫోన్‌లోని వాట్సాప్‌లో నా చేతే టైప్ చేయించారు. అంతే, పని అయిపోయిందన్నారు.

మూడు రోజుల తర్వాత వాట్సాప్‌లో `Linked devices` తెరిస్తే నాది కాని కంప్యూటర్ ఒకటి కనిపించింది, చివరగా వాడింది ఆ రోజు పొద్దున్నే. ఆ కోడ్ వెరిఫికేషన్‌ది కాదు, వేరే కంప్యూటర్‌ని మన వాట్సాప్‌కి కలిపేది. అంటే మూడు రోజులుగా నా చాట్లు వాళ్లకి కనిపిస్తూనే ఉన్నాయి. దాని మీద నొక్కి `Log out` చేశాను కానీ, అప్పటికే చదివినవి వెనక్కి రావు కదా. అసలు బాధేంటంటే, అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకుని కొత్త ఫోన్‌లో వాట్సాప్ రిజిస్టర్ చేసుకున్నప్పుడే పాత ఫోన్‌లో అది ఆగిపోయింది, వాళ్లు తీయడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. సిమ్ బ్లాక్ చేయించి ఊరుకుంటే మాత్రం చాలదు, పాత ఫోన్‌లో వాట్సాప్ వైఫైతో నడుస్తూనే ఉంటుంది.

జీమెయిల్ సంగతి ఇంకా ఘోరం. `myaccount.google.com` లో `Security` కింద `Your devices` చూస్తే పోయిన ఫోన్ ఇంకా లాగిన్‌లోనే ఉంది! పాస్‌వర్డ్ మారిస్తే దాదాపు అన్నిచోట్లా లాగౌట్ అవుతుంది, కానీ లాగిన్ అయ్యేది మనమేనా అని అడగడానికి గూగుల్ వాడే ఫోన్‌ని వదిలేస్తుంది, నా విషయంలో అది సరిగ్గా ఆ పోయిన ఫోనే. అందుకే ముందు ఆ లిస్టులో ఫోన్ పేరు మీద నొక్కి `Sign out` చేసి, పాస్‌వర్డ్ నేనే మళ్లీ మార్చాను. రికవరీ ఈమెయిల్ కూడా చూడండి, నాదాంట్లో నేను పెట్టని అడ్రస్ ఒకటి చేరి ఉంది. అది అలాగే ఉంటే పాస్‌వర్డ్ మార్చి కూడా లాభం లేదు. జీమెయిల్ సెట్టింగ్స్‌లో మెయిల్స్ ఎక్కడికైనా ఫార్వర్డ్ అవుతున్నాయేమో కూడా చూశాను, అదృష్టం, అక్కడేమీ లేదు.

టెలిగ్రామ్ వాడేవాళ్లకి ఒక మాట. కొత్తగా లాగిన్ అయిన ఫోన్‌లోంచి పాత సెషన్లను 24 గంటల దాకా తీయనివ్వదు. ముందునుంచీ లాగిన్ అయి ఉన్న కంప్యూటర్ ఏదైనా ఉంటే దాంట్లో `Devices` లోకి వెళ్లి వెంటనే తీసేయండి, లేకపోతే ఫోన్ పోయిన వెంటనే కొత్తదాంట్లో లాగిన్ అవ్వండి, ఆ 24 గంటల లెక్క అప్పటినుంచే మొదలవుతుంది.