మన ఫ్రీజర్ బాక్సు వీడియో: పద్నాలుగు నెలలు వాడాక

దాతలందరికీ నమస్కారం.

శవాన్ని పాడవకుండా ఉంచే ఫ్రీజర్ బాక్సు కోసం చందాలడుగుతూ మనం పెట్టిన వీడియో తీసేశారా అని కువైట్ నుంచి ముగ్గురు ఫోన్ చేశారు. తీయలేదు. యూట్యూబ్‌లో పబ్లిక్‌గానే ఉంది. పోయిన ఆదివారం 10,000 వ్యూస్ దాటింది. అన్ని వస్తే చివరి 20,000 రూపాయలు నేనిస్తానన్న అన్న సోమవారమే పంపేశారు.

మా రాయచోటి వైపు ఊళ్లలో చాలా ఇళ్లలో ఒకరైనా కువైట్‌లో ఉంటారు. కొడుకు వచ్చేదాకా తల్లి శవాన్ని ఐసు దిమ్మలు, రంపపు పొట్టు మధ్య ఉంచడం, ఆ నీళ్లు వాకిట్లోకి కారడం మీరంతా చూసినదే. వీడియోలో మేం చూపించింది అదే.

మొదటి నెల వ్యూస్ 300 కూడా దాటలేదు. వీడియో అన్‌లిస్టెడ్‌లో ఉండిపోయింది. లింకు నొక్కితే తెరుచుకుంటుంది కాబట్టి మాకు అనుమానం రాలేదు, కానీ వెతికితే కనిపించదు. పైగా మన కుర్రాళ్లు లింకు బదులు వీడియో ఫైలునే వాట్సాప్‌లో పంపారు. అక్కడ ఎంతమంది చూసినా యూట్యూబ్ లెక్కలోకి రాదు. ఒకే ఫోన్‌లో పదేపదే వేసి చూసినా అంకె అలా పెరగదని కూడా అప్పుడే తెలిసింది.

అసలు పొరపాటు మరొకటి. నాలుగు నిమిషాల వీడియోలో డబ్బు పంపే క్యూఆర్ కోడ్‌ను చివర్లో పెట్టాం. యూట్యూబ్ స్టూడియోలో చూస్తే సగటున 50 సెకన్లే చూస్తున్నారు. చివరిదాకా చూసినవాళ్లకూ తిప్పలే: ఫోన్‌లో కనిపించే కోడ్‌ను అదే ఫోన్ కెమెరాతో స్కాన్ చేయలేరు కదా. అదే లింకులో కొత్త ఫైలు పెట్టడం కుదరదు, మళ్లీ అప్‌లోడ్ చేస్తే లింకు మారి వ్యూస్ సున్నా నుంచి మొదలవుతాయి. అందుకే యూపీఐ ఐడీని డిస్క్రిప్షన్ మొదటి వరుసలో రాసి, కామెంట్లలోనూ పిన్ చేశాం. చందాలు ఊపందుకున్నది ఆ తర్వాతే.

ఆరో నెలలో, వీడియోలో మేం శవాన్ని చూపించిన పెద్దమ్మ కూతురు ఫోన్ చేసి, "నాయనా, మా అమ్మ ముఖం కనపడకుండా చేయండి" అని ఏడ్చింది. ముందే ఇంట్లో అందరినీ అడగాల్సింది, కొడుకును మాత్రమే అడిగాం. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. స్టూడియో ఎడిటర్‌లో ముఖం బ్లర్ చేశాను. అలా చేస్తే లింకు, వ్యూస్ మారవు. కాకపోతే అది పూర్తయ్యేదాకా పాత వీడియోనే కనిపిస్తుంది కాబట్టి ఆ రాత్రి ప్రైవేట్‌లో పెట్టి, పొద్దున చూసుకుని మళ్లీ పబ్లిక్ చేశాను. తీసేశారన్న మాట అప్పుడే పుట్టి ఉంటుంది.

వ్యూస్ వల్ల నేరుగా వచ్చింది ఆ 20,000 మాత్రమే. మిగతా డబ్బు లింకు పంపి, ఆ తర్వాత ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తేనే వచ్చింది. అయినా మళ్లీ వసూలు చేయాల్సి వస్తే వీడియోతోనే మొదలుపెడతాను. దూరాన ఉన్నవాళ్లకు అవసరం ఏమిటో ఫోన్‌లో చెప్పి ఒప్పించడం కష్టం.

బాక్సు రామాలయం పక్క గదిలో ఉంది, తాళం నా దగ్గరుంది. మీ రసీదు మీదున్న లింకే ఇప్పటికీ పనిచేస్తుంది. జమాఖర్చు డిస్క్రిప్షన్‌లో కలిపాను, చూసుకోండి.

ఇట్లు,
కార్యదర్శి, యువజన సంఘం