పుట్టిన సంవత్సరానికి తాళం వేశా, టెన్త్ బ్యాచ్‌ని బార్లా తెరిచి పెట్టా

మా టీమ్‌లోకి కొత్తగా వచ్చిన అనంతపురం కుర్రాడు కాంటీన్‌లో టీ తాగుతూ, "అన్నా, మీరు మా చిన్న మావయ్య ఈడువారు కదా" అన్నాడు. నా వయసు నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. ఫేస్‌బుక్‌లో పుట్టిన సంవత్సరం Only me లో పెట్టి ఏళ్ళు దాటింది. పైగా ఈ కుర్రాడు అక్కడ నా ఫ్రెండ్ కూడా కాదు. మారతహళ్ళిలో ఇంటికొచ్చాక లాప్‌టాప్ తెరిచి చూసుకుంటే గానీ తేలలేదు. పదో తరగతి చదివిన స్కూలు, పక్కనే 1998. దాని మీద గ్లోబు బొమ్మ, అంటే Public. పదిహేనో పదహారో తీసేస్తే ఎవరికైనా లెక్క తేలిపోతుంది. తప్పు నాదే.

పదమూడేళ్ళుగా వాడుతున్నా గానీ, ఈ అబౌట్ పేజీని నేను శ్రద్ధగా చూసింది అప్పుడే. ప్రతి వివరం పక్కనా ఒక చిన్న బొమ్మ ఉంటుంది: గ్లోబు అయితే అందరికీ, ఇద్దరు మనుషుల బొమ్మ అయితే ఫ్రెండ్స్‌కి, తాళం అయితే మనకొక్కరికే. పెన్సిల్ నొక్కి మార్చుకోవాలి. పుట్టినరోజులో తేదీ, నెలలకు ఒక తాళం, సంవత్సరానికి వేరే తాళం ఉంటాయి. ఇది నాకు బాగా నచ్చింది. శుభాకాంక్షలు వస్తాయి, వయసు బయటపడదు. ఉద్యోగాలు, చదువులు కూడా అంతే, ఒక్కో ఎంట్రీకి ఒక్కో తాళం. కానీ ఒకచోట వేసిన తాళం ఇంకోచోట పనిచేయదు. పుట్టిన సంవత్సరం దాచానని టెన్త్ సంవత్సరం దానంతటది దాక్కోదు. పేరు, ప్రొఫైల్ ఫోటో, కవర్ ఫోటోలకైతే ఈ తాళమే లేదు, అవి ఎప్పుడూ అందరివే.

ఉద్యోగం దగ్గర ఇంకో పాఠం నేర్చుకున్నా. పాత కంపెనీలో నోటీసు పీరియడ్‌లో ఉండగా కొత్త కంపెనీ పేరు చేర్చాలనిపించింది. ఊళ్ళో వాళ్ళకి తెలియాలి, ఆఫీసులో వాళ్ళకి వద్దు. Friends పెడితే ఇద్దరూ చూస్తారు. అందుకని ఆఫీసు వాళ్ళందరినీ ఒక లిస్టులో వేసి, Custom లోకి వెళ్ళి, ఫ్రెండ్స్‌కి చూపించు, ఈ లిస్టుకి వద్దు అని పెట్టా. ఎవరిని ఏ లిస్టులో వేశామో వాళ్ళకి తెలియదు, ఆ భయం లేదు. రెండు వారాలు బాగానే గడిచింది. ఈలోగా పక్క టీమ్ ఆవిడ ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపితే ఒప్పుకున్నా, లిస్టులో వేయడం మర్చిపోయా. కొత్తగా చేరినవాళ్ళు నేను చేసిన లిస్టులోకి వాళ్ళంతట వాళ్ళు వెళ్ళరు కదా. మర్నాడు లిఫ్టులో "కంగ్రాట్స్ అండీ" అంది, అదీ మా మేనేజర్ పక్కనే ఉండగా!

అందుకే ఇప్పుడు ఏది మార్చినా చూసుకోకుండా వదలను. View As నొక్కితే బయటి జనానికి మన పేజీ ఎలా కనిపిస్తుందో చూపిస్తుంది. ఒకప్పుడు ఫలానా మనిషి పేరు కొట్టి, అతని కళ్ళతో కూడా చూసే వీలుండేది. 2018 సెప్టెంబరులో భద్రతా లోపం బయటపడ్డాక View As ని ఆపేశారు. 2019లో బయటి జనం చూసే రూపు ఒక్కటే తిరిగొచ్చింది. కాబట్టి నా Custom సరిగ్గా పనిచేస్తుందో లేదో అందులో తెలియదు. ఫ్రెండ్‌కి ఏం కనిపిస్తుందో మా తమ్ముడి ఫోన్‌లో చూస్తా. ఆఫీసు లిస్టుకి ఏం కనిపిస్తుందో చూడాల్సొస్తే, తమ్ముణ్ణి ఐదు నిమిషాలు ఆ లిస్టులో వేసి చూసి తీసేస్తా. వాడు నవ్వుతాడు గానీ నాకు వేరే దారి దొరకలేదు.

పెళ్ళి సంగతి ఖాళీగానే వదిలేశా. భార్య పేరు చేర్చాలంటే ఆవిడ అటునుంచి ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక నా పేజీలో నేనెంత దాచినా, ఆవిడ పేజీలో ఎవరికి చూపించాలో ఆవిడే నిర్ణయిస్తుంది.

పుట్టినరోజుకి మాత్రం ఒక్క కంత మిగిలిపోయింది. నా టైమ్‌లైన్ మీద వేరేవాళ్ళు రాసేవి ఎవరికి కనిపించాలన్నది అబౌట్‌లో ఉండదు, సెట్టింగ్స్‌లో ఎక్కడో విడిగా ఉంటుంది. దాన్ని ఇప్పుడు Only me చేశా. ఎందుకంటే కిందటేడు మా పెద్ద బావ అక్కడే, "నలభై దాటినా కుర్రాడిలాగే ఉన్నావోయ్" అని రాసి, కింద నా టెన్త్ గ్రూప్ ఫోటో అతికించాడు. మా అనంతపురం కుర్రాణ్ణి అప్పటికే ఫ్రెండ్‌గా చేర్చుకున్నా. దానికి మొదటి లైకు వాడిదే.