యాప్ తీసేయడమా, వివరాలు చెరపడమా, ఖాతానే తొలగించడమా: ఏది మేలు?

స్విగ్గీ, జొమాటో, ఊబర్ వంటి యాప్‌లలో ఖాతాకు తాళంచెవి మన ఫోన్ నంబరే. సాధారణంగా పాస్‌వర్డ్ ఉండదు. నంబరు కొట్టి, వచ్చిన ఓటీపీ ఇస్తే చాలు, దాచిన చిరునామాలూ పాత ఆర్డర్లూ అన్నీ తెరుచుకుంటాయి. కాబట్టి ఖాతాను ఉంచాలా తీసేయాలా అన్న ప్రశ్నకు జవాబు, ఆ నంబరు ఇకముందు కూడా మన దగ్గరే ఉంటుందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. వాడకం ఆపేసిన మొబైల్ నంబరును 90 రోజులు గడిచాక కంపెనీలు మరొకరికి కేటాయించవచ్చని 2023 నవంబరులో సుప్రీంకోర్టులో జరిగిన ఒక కేసులో నమోదైంది. అలా నంబరు అందుకున్న కొత్త వ్యక్తి ఏ దురుద్దేశమూ లేకుండా, భోజనం తెప్పించుకుందామని యాప్ తెరిచినా, ఎదురుగా మన పేరూ మన ఇంటి చిరునామాలూ కనిపించే అవకాశం ఉంది. చదువుకో ఉద్యోగానికో అమెరికా వెళ్తూ ఇక్కడి సిమ్‌ను వదిలేసే వేలాది తెలుగు కుటుంబాల పిల్లలకు ఇది నేరుగా వర్తించే విషయం.

మన ముందున్న దారులలో అందరూ ఎంచుకునేదీ అన్నిటికంటే బలహీనమైనదీ ఫోన్‌లోంచి యాప్ తీసేయడం. దానివల్ల ఆ యాప్ ఇకమీదట మన లొకేషన్ చూడలేదు, నోటిఫికేషన్లు పంపలేదు. అంతకు మించి ఒరిగేది లేదు. ఖాతా, చిరునామాలు, చెల్లింపు వివరాలు ఉండేది కంపెనీ సర్వర్లలో కనుక అవి చెక్కుచెదరవు. సభ్యత్వం ఏదైనా తీసుకుని, దానికి యూపీఐ ఆటోపే గానీ కార్డు మీద ఈ-మ్యాండేట్ గానీ ఇచ్చి ఉంటే, యాప్ లేకపోయినా గడువు రాగానే డబ్బు కట్ అవుతూనే ఉంటుంది. కట్ అయ్యే ముందు కనీసం 24 గంటల ముందుగా బ్యాంకు సమాచారం పంపాలన్న నియమం ఉంది గానీ, ఆ మెసేజ్ వదిలేసిన నంబరుకే వెళ్తే మన కంట పడదు.

ఇక రెండో దారి, ఖాతాను ఉంచి కార్డులనూ చిరునామాలనూ మాత్రం చెరిపేయడం. ఇక్కడ చాలామంది భయం కార్డు చుట్టూ తిరుగుతుంది గానీ, నా దృష్టిలో చిరునామాయే ఎక్కువ జాగ్రత్త పడవలసిన వివరం. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం 2022 అక్టోబరు 1 నుంచి వ్యాపార సంస్థలు మన కార్డు నంబరును తమ దగ్గర దాచుకోకూడదు. యాప్‌లో ‘సేవ్’ అయి కనిపించేది ఆ కార్డుకు బదులుగా ఇచ్చిన టోకెన్ అనే మారు సంఖ్య మాత్రమే. లావాదేవీలు సరిచూసుకోవడానికి చివరి నాలుగు అంకెలూ బ్యాంకు పేరూ ఉంచుకోవచ్చు. ఒక సంస్థ కోసం తయారైన టోకెన్ ఇంకో సంస్థ దగ్గర పనిచేయదు. పైగా ఆ టోకెన్‌ను రద్దు చేసుకునే వీలు బ్యాంకు వైపు నుంచి కూడా ఉంది: కార్డు ఏయే సంస్థల దగ్గర టోకెన్‌గా నమోదై ఉందో చూపించే జాబితాను బ్యాంకు ఇవ్వాలి, అందులోంచి తీసేయనివ్వాలి. అంటే యాప్ మన చేతుల్లో లేకపోయినా కార్డును విడదీసుకోవచ్చు.

చిరునామాకు అలాంటి రెండో తలుపు లేదు. డెలివరీ కుర్రాడికి దారి తెలియాలని మనం రాసే వివరాలు మామూలు చిరునామా కంటే చాలా లోతుగా ఉంటాయి. ‘రామాలయం వెనక సందు, రెండో అంతస్తు, గేటు పక్కన బెల్ పనిచేయదు, ఫోన్ చేయండి’ అని రాసి, దానికి ‘అమ్మావాళ్ళిల్లు’ అని పేరు పెట్టి, మ్యాప్ మీద సరిగ్గా గుమ్మం దగ్గర గుర్తు పెడతాం. దాన్ని చూసినవారికి అక్కడ ఎవరుంటారో కూడా తెలిసిపోతుంది. అందుకే చెరపడం మొదలుపెడితే ముందు తల్లిదండ్రుల ఇంటి చిరునామాతో, ఆ తర్వాత సొంత ఇంటితో మొదలుపెట్టాలి. క్యాబ్ యాప్‌లో ‘ఇల్లు’, ‘ఆఫీసు’ అని విడిగా దాచినవి కూడా ఉంటాయి, వాటినీ మరచిపోకూడదు.

అయితే ఈ దారికి ఒక పరిమితి ఉంది. దాచిన చిరునామాల జాబితాలోంచి ఒకదాన్ని తీసేసినంత మాత్రాన, ఆ చిరునామాకు గతంలో వెళ్ళిన ఆర్డర్ల బిల్లుల్లోంచి అది పోదు. క్యాబ్ ప్రయాణాల చరిత్రలో ఎక్కిన చోటూ దిగిన చోటూ అలాగే ఉంటాయి. నంబరు మన దగ్గరే ఉండి, నెలకొకసారైనా యాప్ వాడేవారికి ఇది పెద్ద ఇబ్బంది కాదు, వారికి ఈ రెండో దారే సరిపోతుంది. నంబరు వదిలేసేవారికి మాత్రం ఇది చాలదు.

మూడోది ఖాతాను పూర్తిగా తొలగించడం. ఖాతా తెరవనిచ్చే ప్రతి యాప్‌లోనూ దాన్ని తొలగించే మార్గం యాప్ లోపలే ఉండాలని 2022 జూన్ 30 నుంచి ఆపిల్ నియమం పెట్టింది, గూగుల్ ప్లే కూడా తర్వాత అదే బాట పట్టింది. అందువల్ల ఖాతా సెట్టింగ్స్‌లోనో ప్రైవసీ భాగంలోనో ఆ మార్గం దొరుకుతుంది. ఊబర్ విషయంలో తొలగింపు కోరగానే ఖాతా నిలిచిపోతుంది, 30 రోజుల తర్వాత శాశ్వతంగా పోతుంది. ఆ లోపు పొరపాటున సైన్ ఇన్ అయితే మళ్ళీ తెరుచుకుంటుంది. తొలగించాక వాడని క్రెడిట్లూ ప్రమోషన్లూ తిరిగి రావు. అలాగే వెనక్కి రావలసిన రీఫండ్ ఏదైనా ఉంటే అది చేతికందాకే తొలగించడం మంచిది, ఎందుకంటే ఖాతా లేని మనిషి ఫిర్యాదును కస్టమర్ కేర్‌లో ఏ ఆర్డర్‌కు ముడిపెట్టాలో తేలదు. ఆఫీసులో లెక్క చూపించవలసిన బిల్లులుంటే అవీ ముందే దించుకోవాలి.

పూర్తిగా తొలగించినా అన్నీ మాయం కావన్నది ఇక్కడ నిజాయితీగా చెప్పుకోవాలి. జీఎస్టీ చట్టం ప్రకారం ఖాతా పుస్తకాలనూ రికార్డులనూ, ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు భద్రపరచాలి. కాబట్టి మన బిల్లులు కంపెనీ రికార్డుల్లో కొన్నేళ్ళు ఉంటాయి. కానీ ఆ నంబరుతో లాగిన్ అయ్యేవారి కంటికి అవి కనిపించవు. మనకు కావలసిన రక్షణ ముఖ్యంగా అదే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కూకట్‌పల్లిలో ఉండే ఒక అమ్మాయి ఆగస్టు 10న ఎం.ఎస్. చదువుకు డల్లాస్ బయలుదేరుతోంది. తల్లిదండ్రులు గుంటూరులో ఉంటారు. హైదరాబాద్ నంబరును ఆ తర్వాత వదిలేయాలనుకుంటోంది. ఆమె ఫోన్‌లో ఒక ఫుడ్ యాప్, ఊబర్ ఉన్నాయి. రెండింటికీ ఒకే మందు వేస్తే తప్పవుతుంది.

ఫుడ్ యాప్ ఆమెకు డల్లాస్‌లో పనికిరాదు, కనుక అది పూర్తిగా పోవాలి. జులై మొదటి వారంలోనే ఆటోపే ఉంటే యూపీఐ యాప్‌లోకి వెళ్ళి రద్దు చేసుకోవాలి, కార్డు మీద మ్యాండేట్ ఉంటే బ్యాంకు నుంచి తీయించుకోవాలి. వాలెట్‌లో మిగిలిన సొమ్మును చివరి ఆర్డర్లలో వాడేసుకోవడం అన్నిటికంటే సులువు. తర్వాత గుంటూరు చిరునామానూ, కూకట్‌పల్లి చిరునామానూ, కార్డునూ ఒక్కొక్కటిగా చెరిపి, ఆపైనే ఖాతా తొలగింపు కోరాలి. ఎలాగూ ఖాతా పోతుంది కదా, ముందు చెరపడం ఎందుకని అనిపించవచ్చు. ఊబర్‌లో లాంటి గడువు ఇందులోనూ ఉండి, అది పూర్తికాకముందే ఎవరైనా లాగిన్ అయి ఖాతా మళ్ళీ తెరుచుకుంటే, లోపల దొరకడానికి దాచిన చిరునామా ఉండకూడదు, అందుకు. తల్లి ఫోన్‌లో కూడా అదే ఖాతా తెరిచి ఉంటే అక్కడ లాగ్ అవుట్ చేయడం తప్పనిసరి.

ఊబర్ ఖాతా మాత్రం డల్లాస్‌లోనూ నడుస్తుంది. దాన్ని తొలగిస్తే రేటింగ్‌తో పాటు ప్రయాణాల చరిత్ర అంతా పోగొట్టుకుని అక్కడ కొత్తగా మొదలుపెట్టాలి. అంతకంటే ఖాతాను ఉంచి, అమెరికా నంబరు రాగానే అందులో నంబరు మార్చుకోవడం ఎంతో మేలు. నంబరు మారిన క్షణం నుంచి పాత హైదరాబాద్ నంబరుకు ఆ ఖాతాతో సంబంధం తెగిపోతుంది. అయితే మార్చేటప్పుడు పాత నంబరుకు కూడా ఓటీపీ రావచ్చు కనుక, కొత్త సిమ్ చేతికొచ్చి నంబరు మారేదాకా పాత సిమ్‌ను కనీస రీఛార్జితోనైనా బతికించి ఉంచాలి. ఇక్కడి కార్డునూ, ఇంటి గుర్తులనూ మాత్రం బయలుదేరే ముందే తీసేయవచ్చు.

పని పూర్తయిందో లేదో తెలుసుకోవడానికి రెండు చోట్ల చూడాలి. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగ్స్‌లో టోకెన్ల జాబితా తెరిస్తే ఆ సంస్థ పేరు ఉండకూడదు. ఉంటే అక్కడే తీసేయవచ్చు. యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితాలోనూ ఆ సంస్థ పేరు కనిపించకూడదు.

నంబరు ఇప్పటికే చేజారిపోయినవారికి యాప్ ద్వారా చేయగలిగింది పెద్దగా ఉండదు. వారు ముందు బ్యాంకు వైపు నుంచి టోకెన్‌నూ మ్యాండేట్‌నూ రద్దు చేసుకుని, ఖాతాలో నమోదైన ఈమెయిల్ నుంచే కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకు రాయాలి. ఆ అధికారి పేరూ సంప్రదింపు వివరాలూ వెబ్‌సైట్‌లో ఉండాలనీ, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలనీ, నెల రోజుల్లో పరిష్కరించాలనీ 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. ఈమెయిల్‌లో పాత నంబరు, అది ఏ నెలలో వదిలేశారో, చివరి ఆర్డర్ బిల్లు నంబరు రాస్తే, ఖాతా మీదేనని నిరూపించుకోవడానికి మళ్ళీ మళ్ళీ ఉత్తరాలు నడపవలసిన అవసరం తగ్గుతుంది.