పది లీటర్ల నీళ్లు, నాలుగు పొయ్యిలు: ఆరేళ్ల వాడకం తర్వాత నా లెక్క

చంద్రగిరి దగ్గర పల్లె మాది. ఇంట్లో ఐదుగురం, కొట్టంలో ఐదు జెర్సీ ఆవులు, వెనక రెండెకరాల మామిడి తోట. 2020లో గోబర్ గ్యాస్ కట్టించుకున్నాం. అప్పటికే గ్యాస్ సిలిండర్ ఉంది, అత్తమ్మ కట్టెల పొయ్యి ఉంది, చలికాలానికి ఒక బొగ్గుల కుంపటి కూడా ఉంది. అంటే నాలుగూ ఒకే ఇంట్లో ఆరేళ్లుగా వాడుతున్నాను. దేనికి ఎంత ఖర్చవుతోందన్న గొడవ మా ఇంట్లో రోజూ ఉండేది. ఒకరోజు విసుగొచ్చి తూకం పెట్టేశాను.

గొడవకు మూలం ఒక పట్టిక. మా మరిది ఫోన్‌లో చూపించాడు. కిలో గ్యాస్‌కు సుమారు 11,000 కిలో క్యాలరీలు, కట్టె బొగ్గుకు 7,000, ఎండిన కట్టెకు 3,600 దాకా. గోబర్ గ్యాస్‌ను కిలోల్లో కొలవరు, ఘనపు మీటరుకు (అంటే 1,000 లీటర్లకు) 4,800 దాకా వేసుకోవచ్చు. కిలో నీళ్లను ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టేది ఒక కిలో క్యాలరీ, అంతే దీని అర్థం. మరిది వాదన ఏమిటంటే, గ్యాస్ కట్టె కంటే మూడింతలు వేడి ఇస్తుంది, కానీ ధర పదింతలు, కాబట్టి కట్టెలే చవక అని. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ పట్టికలో ఉన్నది ఇంధనం మొత్తం కాలితే వచ్చే వేడి. గిన్నెలోకి ఎంత వచ్చింది, గోడకూ గాలికీ ఎంత పోయిందీ అందులో ఉండదు.

అందుకని ఒకే అల్యూమినియం గిన్నె, మూత, 10 లీటర్ల బోరు నీళ్లు తీసుకున్నాను. నీళ్లు 28 డిగ్రీల్లో ఉన్నాయి, మరిగేది 100 దగ్గర. తేడా 72 డిగ్రీలు, 10 కిలోలు, అంటే నీళ్లలోకి వెళ్లాల్సింది 720 కిలో క్యాలరీలు. ఏ పొయ్యి అయినా ఇంతే ఇవ్వాలి. ఇక దానికి ఎంత ఇంధనం మింగుతుందో చూడడమే.

సిలిండర్‌ను ముందూ తర్వాతా పాలు తూచే ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టాను. మా కాటా 30 కిలోల వరకే తూస్తుంది, నిండు సిలిండర్ దాని అంచుకు వచ్చేస్తుంది, కాబట్టి సగం ఖాళీ అయిన సిలిండర్‌తోనే ఈ పని చేయాలి. రెగ్యులేటర్ తీసేసి తూచాలి, లేకపోతే ట్యూబు లాగి తూకం చెడగొడుతుంది. ఖర్చయింది 115 గ్రాములు. దాని వేడి 1,265 కిలో క్యాలరీలు, నీళ్లలోకి వెళ్లింది 720, అంటే వందకు 57 పాళ్లు. గ్యాస్ పొయ్యి కనీసం 68 పాళ్లు ఇవ్వాలని ఐఎస్ఐ ప్రమాణం చెబుతుంది. అది పరీక్ష గదిలో, కొత్త పొయ్యికి. మా బర్నర్ పాతది, వంటింట్లో కిటికీ గాలి కూడా ఉంది.

కట్టెల పొయ్యి అత్తమ్మ చేతికే ఇచ్చాను. మంట నాకంటే ఆవిడే బాగా పెడుతుంది, ఓడిపోతే నా మీద పడకూడదు కదా. బాగా ఎండిన సర్కారు తుమ్మ, తూచి ఇచ్చాను, మిగిలింది నీళ్లు చల్లకుండా మట్టితో ఆర్పి మళ్లీ తూచాను. 1.7 కిలోలు కాలింది. 6,120 కిలో క్యాలరీల్లో 720 మాత్రమే గిన్నెకు చేరాయి, వందకు 12 కూడా లేదు. మూడు రాళ్ల మధ్య మంట గిన్నె పక్కల నుంచి పైకి పోతుంటే వేడంతా వంటింటి కప్పుకే. కుంపటి కాస్త మెరుగు, అర కిలో బొగ్గుతో పనైపోయింది, వందకు 20 పాళ్లు. గోబర్ గ్యాస్ పొయ్యి మీద గంటకు 450 లీటర్లని రాసి ఉంటుంది. 42 నిమిషాలు పట్టింది, అంటే దాదాపు 315 లీటర్లు, వందకు 48 పాళ్ల దాకా. ఇది కాటా లెక్కంత కచ్చితం కాదు, ఎందుకంటే గ్యాస్ నిల్వ ఉండే డోమ్‌లో ఒత్తిడి తగ్గేకొద్దీ మంట కూడా తగ్గుతుంది.

ఇప్పుడు డబ్బు. ఈ లెక్క వేసినప్పుడు సిలిండర్ ఇంటికి చేరేసరికి మాకు 880 పడింది, 14.2 కిలోలకు భాగిస్తే కిలో 62 రూపాయలు. 115 గ్రాములకు ఏడు రూపాయల పైన కొంచెం. కొన్న కట్టె అడితిలో కిలో 6 రూపాయలు, 1.7 కిలోలకు పది రూపాయలు. బొగ్గు కిలో 40, అంటే 20 రూపాయలు, అంటించడానికి పెట్టిన కొబ్బరి పీచు లెక్కలో వేయకుండానే. ఇస్త్రీ పెట్టెకు, కంకులు కాల్చుకోవడానికి బొగ్గు సరే, వంటకు మాత్రం దండగ.

బొగ్గు అంటే కొందరు రాక్షసి బొగ్గును తలుస్తారు. మా వైపు అది ఇటుక బట్టీల సరుకు. అక్కడి నుంచి ఒక బస్తా తెచ్చుకుని ఒకసారి ప్రయత్నించాం. మధ్యరకం బొగ్గుకు కిలోకు 4,000 పైచిలుకు కిలో క్యాలరీలు, అంటే ఎండు కట్టె కంటే ఎక్కువే, కట్టె బొగ్గు కంటే చాలా తక్కువ. పైగా మూడో వంతు బూడిదే మిగిలింది. గంధకం ఘాటుకు రెండు రోజులు దగ్గాం. మిగిలింది అలాగే తిరిగి ఇచ్చేశాను. కుంపటి ఏ బొగ్గుతో అయినా తలుపులు మూసిన గదిలో పెట్టొద్దు. నిప్పులు ఎర్రగా, పొగ లేకుండా ఉన్నప్పుడు కూడా వాసన లేని విషవాయువు వస్తూనే ఉంటుంది.

లెక్క విన్నాక అత్తమ్మ అడిగింది: "ఏమ్మే, మన తోటలో పడిన కట్టెకు దుడ్డెక్కడిది?"

ఆవిడ మాటలో న్యాయం ఉంది. కొమ్మలు కొట్టి, చీల్చి, మోసిన కూలి మాత్రమే వేస్తే మాకు కిలో 2 రూపాయలు పడుతుంది. అప్పుడు పది లీటర్లకు మూడున్నర రూపాయలే, గ్యాస్‌లో సగం. అంటే సొంత తోట ఉన్నవాళ్లకు కట్టె చవక, అడితిలో కొనే తిరుపతి వాళ్లకు గ్యాసే చవక. ఈ ఒక్క తేడా చెప్పకుండా ఏది చవకో చెప్పేవాళ్లను నమ్మను.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. దానికే నేను బాగా డబ్బు పోగొట్టుకున్నాను. ఒక ఏడాది ఇంట్లో శుభకార్యం ఉందని కార్తీకంలో, వానలు కురుస్తుండగానే, ఒక అడితి నుంచి అర టన్ను కట్టె దింపించాను. పొగ తప్ప మంట లేదు. అనుమానం వచ్చి ఒక మొద్దుకు సుద్దతో గుర్తు పెట్టి తూచాను, 4.2 కిలోలు. కొట్టంలో వానకు తడవకుండా పెట్టి, రెండు నెలల తర్వాత తూస్తే 2.9. అంటే నేను కట్టె ధరకు నీళ్లు కొన్నాను, ఎండిన కట్టె నాకు కిలో దాదాపు 8.70 పడింది.

నష్టం తూకంతోనే ఆగదు. పచ్చి కట్టెలో సగం నీళ్లుంటే, కిలోలో కాలేది అర కిలోనే. అందులోంచి కూడా ఆ నీటిని ఆవిరి చేయడానికి 300 కిలో క్యాలరీల దాకా పోతాయి. పట్టికలోని 3,600 కాస్త తేమ మిగిలిన ఎండు కట్టెకు, అస్సలు తేమ లేకపోతే కిలోకు 4,400 దాకా ఉంటుంది. కాబట్టి ఇక్కడ మిగిలేది 1,900 దగ్గర, ఎండు కట్టెలో సగం. మంట చల్లగా ఉంటుంది కాబట్టి పొగ కాలకుండానే పైకి పోతుంది, అది మరో నష్టం. నేను ఆ పచ్చి కట్టెతో 10 లీటర్లు మరిగిస్తే నాలుగు కిలోల పైనే పట్టింది.

తూకం లేకుండా కనిపెట్టే పద్ధతి అత్తమ్మే చూపించింది. రెండు ముక్కలు కొడితే ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. ఎండిన మొద్దు కోసిన చివర నెర్రెలు ఉంటాయి, బెరడు గోటికే లేస్తుంది. కాలుతున్నప్పుడు రెండో చివర నుంచి నురగ కారితే అది ఇంకా పచ్చిదే.

గోబర్ గ్యాస్ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఉచితం అనుకునే అందరూ కట్టుకుంటారు. మాది రోజుకు 2 ఘనపు మీటర్ల గ్యాస్ ఇచ్చే డోమ్, మా చేతి నుంచి 35,000 ఖర్చయింది. దానికి రోజుకు 50 కిలోల పేడ, అంతే నీళ్లు కావాలి. ఐదు ఆవులున్నా మేతకు బయటకు వెళ్తే పేడ దారిలోనే పోతుంది, మాకు దొరికేది 40 కిలోలు. కిలో పేడకు 40 లీటర్లు కూడా పూర్తిగా రావు కాబట్టి రోజుకు 1,500 లీటర్లు వస్తే సంతోషం. నా పొయ్యిల లెక్కన 1,000 లీటర్లు దాదాపు 360 గ్రాముల సిలిండర్ గ్యాస్‌తో సమానం. నెలకు 16 కిలోలు, ఒక సిలిండర్ కంటే కొంచెం ఎక్కువ. కాగితం మీద. నిజానికి మేము ఇంటి నుంచి రెండు రోజులు వెళ్తే డోమ్ నిండి మిగతాది బయటికి పోతుంది, చలికాలంలో రాబడి కూడా తగ్గుతుంది. ఏడాదికి పది సిలిండర్లు ఆదా అయ్యాయి అనుకుంటున్నాను, అంటే 8,800. పెట్టుబడి నాలుగేళ్లలో తిరిగి వచ్చింది. పేడ పోలేదు, గ్యాస్ తీశాక బయటికి వచ్చే చిక్కని ద్రవం మామిడి పాదులకే వెళ్తుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ దీపం–2 పథకం కింద ఏడాదికి 3 సిలిండర్లు ఉచితంగా వచ్చే ఇంటికి ఈ లెక్క మారుతుంది. ఆ మూడూ తీసేస్తే నాకు ఆదా అయ్యేది ఏడు సిలిండర్లే. ఇప్పుడు కొత్తగా కట్టేవాళ్లకు నాలుగేళ్లు కాదు, దాదాపు ఆరేళ్లు.

మొదట్లో వచ్చే గ్యాస్ అంటుకోదు, భయపడొద్దు, అందులో మండని వాయువే ఎక్కువ. మేము మూడు వారాలు వాల్వ్ తెరిచి వదిలేశాం, తర్వాత నీలం మంట వచ్చింది. సిలిండర్ పొయ్యిని దీనికి తగిలించినా పనిచేయదు, ఒత్తిడి తక్కువ, వేడి తక్కువ, కాబట్టి నాజిల్ రంధ్రం పెద్దది ఉండాలి. మంట ఎగిరెగిరి పడుతుంటే పైపులో నీళ్లు చేరినట్టు, కింద ఉండే నీటి మూత తిప్పి వదిలేయాలి.

ఒకసారి మాత్రం అంతు పట్టలేదు. గ్యాస్ రోజురోజుకూ తగ్గి, పన్నెండు రోజుల్లో టీ కాచుకోవడానికి కూడా లేకుండా పోయింది. సబ్బు నురగ రాసి చూశాను, పైపులో లీకేజీ లేదు. చివరికి తేలిందేమంటే, పొదుగు వాపు వచ్చిన రెండు ఆవులకు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు పడుతున్నాయి, వాటి పేడ కూడా తొట్టిలోకే పోతోంది. కొట్టం ఫినాయిల్‌తో కడిగిన నీళ్లూ అందులోకే. లోపల గ్యాస్ చేసే సూక్ష్మజీవులు దాంతో చచ్చాయి. పక్క ఊళ్లో నడుస్తున్న డోమ్ నుంచి పది బిందెల ద్రవం తెచ్చి పోసి, నెల రోజులు ఆగితే దారిలో పడింది. ఆ నెల రెండు సిలిండర్లు అయిపోయాయి.

ఇప్పుడు మా ఇంట్లో పొద్దున టీ, అన్నం, కూరలు గోబర్ గ్యాస్ మీద, అది చాలనప్పుడు సిలిండర్. స్నానాల నీళ్లకూ, ఆవుల ఉలవలకూ తోట కట్టె. సంగటి మాత్రం లెక్కలకు లొంగలేదు. అత్తమ్మ దాన్ని కట్టెల పొయ్యి మీదే గెలుకుతుంది, ముందు రెండు ముక్కలు ఒకదానితో ఒకటి కొట్టి చూసుకుని.